మార్చి 31న ఎఫ్డీ వడ్డీ: చేతికి రాని పైసలకు టీడీఎస్ ఎందుకు పడ్తది, ఎంత పడ్తది

ప్రతి ఏడాది ఏప్రిల్ మొదటి వారంల బ్యాంకు మెసేజ్ చూసి చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: నా ఎఫ్డీ ఇంకా మెచ్యూర్ కాలేదు, వడ్డీ ఒక్క రూపాయి కూడా నా అకౌంట్ల పడలేదు, మరి టీడీఎస్ ఎట్ల కట్ చేసిండ్రు అని. బ్యాంకుకు పోయి అడిగితే కౌంటర్ల ఉన్నాయన "సిస్టమ్ కట్ చేసింది సార్" అంటడు, అది నిజమే గాని సమాధానం కాదు. సిస్టమ్ ఏ లెక్క మీద కట్ చేసిందో మనకు తెలిస్తే ఆ నంబర్ కరెక్టా కాదా అని ఇంట్ల కూర్చొనే చూసుకోవచ్చు, రిటర్న్ వేసేటప్పుడు ఏ అంకె పెట్టాల్నో కూడా తెలుస్తది. అందుకే ఒక్క ఎఫ్డీని తీసుకొని మొదటి నుంచి చివరి దాకా లెక్క చేసి చూపిస్త. నేను చెప్పేదంతా క్యుములేటివ్ ఎఫ్డీ గురించి, అంటే వడ్డీ నెలనెలా చేతికి రాకుండా అసల్ల కలుస్తూ పోయి చివర్న ఒకేసారి వచ్చేది. గందరగోళం అంతా దీని దగ్గరే ఉంటది, నెలనెలా వడ్డీ తీసుకునేవాళ్లకు ఇంత బాధ లేదు.

మా బావ ఒకాయన హనుమకొండ చౌరస్తా దగ్గర హార్డ్‌వేర్ షాపు నడుపుతడు, వయసు 48. కాజీపేట దిక్కు ఉన్న ప్లాటు అమ్మితే వచ్చిన పైసల్లో 12 లక్షలు తీసుకపోయి 2025 ఆగస్టు 10న రెండేళ్లకు ఎఫ్డీ వేసిండు. వడ్డీ 7 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ. మెచ్యూరిటీ 2027 ఆగస్టు 10. బాండు మీద మెచ్యూరిటీ అమౌంట్ 13,78,658 అని ప్రింట్ అయి ఉంది. ఈ అంకె ఎట్ల వచ్చిందో ఎక్సెల్‌ల ఇట్ల కొడితే తెలిసిపోతది:

```
=1200000*(1+7%/4)^8
```

ఎనిమిది క్వార్టర్లు, ఒక్కో క్వార్టర్‌కు 1.75 శాతం, అంతే. మొత్తం వడ్డీ 1,78,658. బావ లెక్క ఏందంటే, ఈ వడ్డీ 2027 ఆగస్టుల వస్తది, అప్పుడు టాక్స్ సంగతి చూసుకుందాం అని. చాలామంది లెక్క గిట్లనే ఉంటది. కానీ బ్యాంకు అట్ల చూడదు, ఎందుకంటే ఆ 1,78,658 మూడు ఆర్థిక సంవత్సరాల మీద పరుచుకొని ఉంది: 2025-26ల కొంత, 2026-27ల ఎక్కువ, 2027-28ల మిగతాది. ప్రతి మార్చి 31న బ్యాంకు తన పుస్తకాలు మూసేటప్పుడు ఈ కస్టమర్‌కు ఇప్పటి దాకా మేము ఇంత వడ్డీ బాకీ పడ్డం అని రాసుకుంటది, ఆ బాకీనే అక్రూడ్ వడ్డీ అంటరు. చేన్ల పత్తి పండింది గాని ఇంకా ఏరి ఇంటికి తేలేదు అన్నట్టు, వడ్డీ పుట్టింది గాని చేతికి రాలేదు.

ఇగ మొదటి మార్చి 31 లెక్క చేద్దాం, అంటే 2026ది. ఎఫ్డీ వేసింది ఆగస్టు 10న కాబట్టి క్వార్టర్లు నవంబర్ 10కి ఒకటి, ఫిబ్రవరి 10కి ఇంకోటి పూర్తయినయ్. మొదటి క్వార్టర్‌కు 12 లక్షల మీద 1.75 శాతం అంటే 21,000. అది అసల్ల కలిసి 12,21,000 అయింది. రెండో క్వార్టర్‌కు దాని మీద 1.75 శాతం 21,367.50. అది కూడా కలిస్తే ఫిబ్రవరి 10 నాటికి బ్యాలెన్స్ 12,42,367.50. ఇక్కడి దాకా ఎవరికైనా అర్థమైతది, స్టేట్‌మెంట్‌ల కూడా ఈ రెండు ఎంట్రీలు కనవడ్తయ్. రెండూ కలిపితే 42,367.50 వడ్డీ. టీడీఎస్ లిమిట్ 50 వేలు కదా, మనం లోపలే ఉన్నం అని బావ నిమ్మలంగ ఉన్నడు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. ఫిబ్రవరి 10 నుంచి మార్చి 31 దాకా ఉన్న తునక కాలం. క్వార్టర్ పూర్తి కాలేదు, అది మే 10కి గాని కాదు, కాబట్టి స్టేట్‌మెంట్‌ల ఏ ఎంట్రీ ఉండదు. కానీ ఆ రోజులకు వడ్డీ పుట్టింది కదా, దాన్ని రోజుల లెక్కన సాదా వడ్డీగా కడ్తరు. ఫిబ్రవరి 10 నుంచి మార్చి 10కి 28 రోజులు, అక్కడి నుంచి మార్చి 31కి 21, మొత్తం 49, మార్చి 31 రోజును కూడా కలుపుకుంటే 50. సంవత్సరాన్ని మూసేటప్పుడు ఆ రోజు వడ్డీ కూడా ఈ సంవత్సరానిదే కాబట్టి 50 అని తీసుకున్న.

```
=1242367.50*7%*50/365
```

ఇది 11,913.11 వస్తది. రోజుకు 238 రూపాయల చొప్పున. ఇప్పుడు మొత్తం కలపండి: 21,000, 21,367.50, 11,913.11, కలిపి 54,280.61. స్టేట్‌మెంట్‌ల కనిపించే 42 వేలు లిమిట్ లోపల ఉన్నయ్ గాని కనిపించని ఆ 11,913 తోని లిమిట్ దాటిపోయింది. అందుకే మార్చి 31 రాత్రి సిస్టమ్ 5,428 రూపాయలు టీడీఎస్ వేసింది.

ఇక్కడ రెండు సంగతులు నిమ్మలంగ చూడాలె. ఒకటి, 50 వేలు దాటితే దాటిన దాని మీదనే 10 శాతం కాదు, మొత్తం వడ్డీ మీద. బావ అనుకున్నది 4,281 మీద 428 రూపాయలు పోతయేమో అని, పోయింది 54,281 మీద 5,428. ఆ 50 వేలు అనేది ఇంతకు తక్కువైతే కట్ చేయొద్దు అని బ్యాంకుకు ఇచ్చిన గీత మాత్రమే, మనకు ఇచ్చిన మినహాయింపు కాదు. ఈ గీత 2025 ఏప్రిల్ 1 నుంచి 50 వేలు అయింది, అంతకుముందు 40 వేలు. 60 దాటిన వాళ్లకు 50 వేలు ఉన్నది లక్ష అయింది. పాత అంకెలు ఇంకా చాలామంది నోట్ల నడుస్తున్నయ్, 40 వేలు అని ఎవరన్న చెప్తే అది పాత సంగతి.

రెండోది, కట్ చేసేందుకు ఆ వడ్డీ మన చేతికి రావాల్సిన పని లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టంల 194ఏ సెక్షన్ ఏమంటదంటే, వడ్డీని కస్టమర్ ఖాతాకు జమ చేసినప్పుడు గాని చెల్లించినప్పుడు గాని ఏది ముందైతే అప్పుడు కట్ చేయాలె అని. దానికి ఒక వివరణ కూడా ఉంది, బ్యాంకు ఆ వడ్డీని కస్టమర్ పేరు మీద కాకుండా చెల్లించాల్సిన వడ్డీ అని వేరే ఖాతాల రాసుకున్నా సరే అది జమ చేసినట్టే అని. ఆ వివరణను యథాతథంగ తీసుకుంటే ఇంకో చిక్కు వస్తది, ఎందుకంటే ఇప్పటి కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి ప్రతి ఎఫ్డీకి ఆ రోజు వడ్డీ ఎంతో లెక్క కట్టి పక్కన రాసి పెడ్తది, మరి రోజూ టీడీఎస్ కట్ చేయాల్నా అని. దీనికి ప్రత్యక్ష పన్నుల బోర్డు 2010 మార్చి 2న 3/2010 అని ఒక సర్క్యులర్ ఇచ్చి తేల్చింది: ఆ రోజువారీ రాత లోపలి పర్యవేక్షణ కోసమే, దాని మీద టీడీఎస్ లేదు, కానీ ఆర్థిక సంవత్సరం చివర్న అక్రూ అయినప్పుడో, బ్యాంకు పద్ధతి ప్రకారం మధ్యల జమ చేసినప్పుడో, మెచ్యూరిటీకో, ముందే విరగ్గొట్టుకున్నప్పుడో, ఏది ముందైతే అప్పుడు కట్ చేయాలె. అందుకే మార్చి 31 అంత పెద్ద రోజు అయింది. బ్యాంకోళ్లు ఇష్టం వచ్చినట్టు కట్ చేస్తున్నరు అనుకోవద్దు, వాళ్లు కట్ చేయకుంటే వాళ్ల మెడకు చుట్టుకుంటది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం నడుస్తది, సెక్షన్ నంబర్లు మారినయ్. కానీ ఇక్కడ చెప్తున్న 2025-26 లెక్క పాత చట్టం కిందనే, కాబట్టి మన పాన్ కింద జమ అయిన టాక్స్ వివరాలు చూపించే 26ఏఎస్‌ల కూడా 194ఏ అనే కనవడ్తది.

మీరు లెక్క కట్టుకున్నదానికి బ్యాంకు అంకెకు కొంచెం తేడా వస్తే కంగారు పడొద్దు. తేడా ఎక్కడి నుంచి వస్తదో చెప్త. మార్చి 31 రోజును కలుపుకున్నరా లేదా అన్నదాని మీద బావ లెక్కల 238 రూపాయల తేడా. ఇంకోటి పెద్దది, క్వార్టర్లను ఎఫ్డీ తేదీ నుంచి లెక్కవెట్టకుండా జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి చివర్ల ప్రకారం జమ చేసే పద్ధతి. అట్ల చేస్తే బావ ఎఫ్డీకి సెప్టెంబర్ 30 దాకా 52 రోజుల వడ్డీ 11,967, తర్వాత రెండు పూర్తి క్వార్టర్లు 21,209, 21,581, మొత్తం 54,757. అంటే 476 తేడా. రెండూ తప్పు కాదు. ఇంత మాత్రం తేడా ఉంటే బ్యాంకు సర్టిఫికెట్ల ఉన్న అంకెనే పట్టుకోండి, ఎందుకంటే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకు పోయేది అదే. కానీ తేడా వేలల్ల ఉంటే మాత్రం ఏదో ఉన్నట్టు: మీరు మర్చిపోయిన ఇంకో ఎఫ్డీ గాని, ఆటో రెన్యూవల్ అయింది గాని, రికరింగ్ డిపాజిట్ గాని.

ఎందుకంటే లిమిట్ అనేది ఎఫ్డీకి కాదు, బ్రాంచికి కూడా కాదు, మొత్తం బ్యాంకుకు. హనుమకొండ బ్రాంచిల ఒకటి, కాజీపేట బ్రాంచిల ఒకటి, పరకాలల ఇంకోటి వేస్తే కూడా ఒకటే బ్యాంకు అయితే పాన్ మీద అన్నీ కలుస్తయ్. వేర్వేరు బ్యాంకులైతే వేర్వేరుగ చూస్తరు, అందుకే రెండు బ్యాంకుల్ల తలా 45 వేల వడ్డీ వస్తే ఎవ్వరూ టీడీఎస్ కట్ చేయరు. కానీ ఆ 90 వేలు మన ఆదాయమే, రిటర్న్‌ల చూపాల్సిందే. టీడీఎస్ పడలేదు అంటే టాక్స్ లేదు అని అనుకునేటోళ్లు మన దగ్గర చాలామంది ఉన్నరు, నోటీసులు వచ్చేది ఎక్కువ వాళ్లకే. ఇంకో మాట, పాత అకౌంట్లు ఉన్నోళ్లకు ఒక్కోసారి ఒకే బ్యాంకుల రెండు కస్టమర్ ఐడీలు ఉంటయ్, ఒకదానికి పాన్ ఎక్కి ఉంటది, ఇంకోదానికి ఉండదు. పాన్ లేని దాని మీద లిమిట్ దాటితే 10 కాదు 20 శాతం కట్ అయితది, పైగా పాన్ లేకుండా కట్ అయింది మన 26ఏఎస్‌ల కనవడదు, అది తిరిగి రాబట్టుకునుడు మస్తు కష్టం. రెండు ఐడీలను ఒకటి చేయించుకునుడు ఒక్క దరఖాస్తుతో అయ్యే పని, మార్చి రాకముందే చేయించుకోవాలె.

ఇగ ఆ 5,428 ఎక్కడి నుంచి తీస్తరు? వడ్డీ చేతికి రాలేదు కదా మరి. కొన్ని బ్యాంకులు లింక్ ఉన్న సేవింగ్స్ అకౌంట్ల నుంచి తీస్తయ్, కొన్ని ఎఫ్డీల నుంచే తీస్తయ్. ఎఫ్డీల నుంచి తీస్తే ఆ మేరకు అసలు తగ్గుతది, ఆ తగ్గిన దాని మీద మిగతా కాలానికి చక్రవడ్డీ కూడా పోతది. అందుకే బాండు మీద 13,78,658 అని ఉన్నా మెచ్యూరిటీ రోజు అంత రాదు. బావ ఎఫ్డీల నుంచి రెండు మార్చిలు కట్ అయితే చివర్న వచ్చేది బాండు మీద ఉన్నదానికన్న 15 వేల పైచిలుకు తక్కువ. అందుల 14 వేల 400 దాకా టాక్స్, మిగతా ఏడెనిమిది వందలు ఆ టాక్స్ పైసల మీద రాకుండా పోయిన వడ్డీ. టాక్స్ అయితే మన పాన్ కింద జమ ఉంటది, అది మనదే. ఆ ఏడెనిమిది వందలు మాత్రం ఎక్కడా రావు. సేవింగ్స్ నుంచి తీసుకోమని బ్యాంకుల చెప్పి పెట్టుకునే వీలుంటే అది అడగండి, అప్పుడు ఎఫ్డీ బాండు మీద ఉన్నంత పూర్తిగ వస్తది.

రెండో సంవత్సరం దగ్గర తప్పులు ఇంకా ఎక్కువ జరుగుతయ్. 2026 మే 10న క్వార్టర్ పూర్తయి స్టేట్‌మెంట్‌ల 21,741 వడ్డీ పడ్తది, టీడీఎస్ సేవింగ్స్ నుంచి పోయింది అనుకొని చెప్తున్న. ఈ 21,741 మొత్తం 2026-27 వడ్డీ కాదు. అందుల 11,913 మార్చి 31 నాడే లెక్కల పట్టి, దాని మీద టీడీఎస్ కూడా కట్టినం. మిగిలింది 9,828 మాత్రమే కొత్త సంవత్సరానిది. స్టేట్‌మెంట్ చూసి వడ్డీ ఎంట్రీలన్నీ కూడుకుంటూ పోతే ఆ 11,913 రెండుసార్లు వచ్చేస్తది. దీన్ని తప్పించుకోవడానికి నేను చేసే పద్ధతి ఏందంటే, ఎంట్రీలు కూడకుండా మార్చి 31 నాటి విలువలు రాసుకుంటా పోతా, అంటే అక్రూడ్ వడ్డీ కలిపి ఆ రోజుకు ఎఫ్డీ విలువ ఎంత అని. బావ ఎఫ్డీ 2026 మార్చి 31న 12,54,281. 2027 మార్చి 31న లెక్క కడితే 13,44,412. ఈ రెంటి తేడా 90,131, అదే 2026-27 వడ్డీ. మెచ్యూరిటీ 13,78,658 నుంచి 13,44,412 తీసేస్తే 34,246, అది 2027-28ది. మూడూ కలిపి చూడండి, 1,78,658 సరిగ్గ వస్తది. కలవకపోతే ఎక్కడో ఒక తునకను వదిలేసినమో రెండుసార్లు వేసినమో అన్నట్టు.

మూడో సంవత్సరం వడ్డీ 34,246 కాబట్టి ఇంకేం ఎఫ్డీలు లేకుంటే మెచ్యూరిటీ రోజు టీడీఎస్ పడదు. అంటే 2025-26ల 5,428, 2026-27ల 9,013, మొత్తం 14,441 కట్ అయి ఉంటది, చేతికి పైసలు వచ్చిన సంవత్సరం మాత్రం టీడీఎస్ సున్నా. ఇప్పుడు బావ ముందు అనుకున్నట్టు వడ్డీ అంతా 2027ల చూపిస్త అంటే ఏమైతది? ఇతర వనరుల ఆదాయాన్ని నగదు పద్ధతిల, అంటే చేతికి వచ్చినప్పుడు చూపించుకునేందుకు చట్టం ఒప్పుకుంటది, పాత చట్టంల అయితే 145 సెక్షన్ ప్రకారం, కాకపోతే ఎప్పుడూ అదే పద్ధతి పాటించాలె, ఒక ఎఫ్డీకి ఒక తీరు ఇంకోదానికి ఇంకో తీరు కుదరదు. కానీ టీడీఎస్ క్రెడిట్ ఏ సంవత్సరం ఆదాయం చూపిస్తే ఆ సంవత్సరమే దొరుకుతది, పాత చట్టం కింది నిబంధన 37బీఏ అట్ల చెప్తది. కాబట్టి 5,428నూ 9,013నూ వాడుకోకుండ రిటర్న్‌ల టీడీఎస్ షెడ్యూల్‌ల ముందుకు తీసుకపోతూ 2027-28 దాకా మోయాలె. ఐటీఆర్ 2, 3లల్ల దానికి కాలమ్ ఉంది. కానీ నడుమల ఒక్క సంవత్సరం మర్చిపోయినా తీగ తెగిపోతది, పైగా మన ఆదాయాల సమాచారం అంతా ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు ఒక్కచోట చూపించే ఏఐఎస్‌ల 54,281 కనవడ్తుంటే రిటర్న్‌ల సున్నా ఉందని కంప్యూటర్ మ్యాచ్ చేసి అడుగుతది. 1,78,658 ఒకే సంవత్సరంల పడితే పై శ్లాబులకు పోయే ముప్పు కూడా ఉంది. నా మాట ఏందంటే, బ్యాంకు ఏ సంవత్సరం అక్రూడ్ అని చూపిస్తే అదే సంవత్సరం మనం కూడా చూపించుడే మంచిది, టీడీఎస్‌ అక్కడికక్కడ వాడుకోవచ్చు, మెచ్యూరిటీ వచ్చినప్పుడు ఆ ఏడాది తునక ఒక్కటే మిగుల్తది.

చూపించేటప్పుడు ఏ అంకె పెట్టాలె? టీడీఎస్ తీసేయకముందు ఉన్న మొత్తం, 54,281. టీడీఎస్ పోను మిగిలింది 48,853 కదా అని అది పెడితే తప్పు, ఆ 5,428 కూడా మన ఆదాయంల నుంచి మన పేరు మీద కట్టిన టాక్సే. ఈ 10 శాతంతోని పని అయిపోయింది అనుకునుడు కూడా తప్పే. బావ షాపు ఆదాయం టాక్స్ పరిధిల ఉంది, ఆయనకు చివరి శ్లాబు 20 శాతం అయితే ఈ 54,281 మీద సెస్సుతో కలిపి 11,290 పడ్తది, అందుల 5,428 ముందే పోయింది, మిగతా 5,862 రిటర్న్ వేసే ముందు కట్టుకోవాలె. ఒకవేళ ఎవరికన్న టాక్స్ అసలే రాకుంటే ఆ 5,428 రీఫండ్‌గ వస్తది, కానీ రిటర్న్ వేస్తేనే.

కట్ అయింది నిజంగ మన పేరు మీద జమ అయిందా అన్నది చూసుకోవాలె గాని ఏప్రిల్‌ల చూస్తే కనవడదు. మార్చిల కట్ చేసిన టీడీఎస్‌ను బ్యాంకు ఏప్రిల్ 30 లోపు గవర్నమెంటుకు కట్టొచ్చు, ఆ క్వార్టర్ స్టేట్‌మెంట్ మే 31 లోపు వెయ్యొచ్చు, అది వేసినంకనే మన 26ఏఎస్‌ల వస్తది. జూన్ 15 లోపు బ్యాంకు టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16ఏ ఇయ్యాలె. అందుకే ఎఫ్డీ పెద్దగ ఉన్నోళ్లు ఏప్రిల్‌ల తొందరపడి రిటర్న్ వేస్తే టీడీఎస్ మ్యాచ్ కాక డిమాండ్ వస్తది. జూన్ నడుమల 26ఏఎస్ తెరిచి బ్యాంకు పేరు కింద 194ఏ, మార్చి 31 తేదీ, స్టేటస్ దగ్గర ఎఫ్ అని ఉందా చూడండి, ఎఫ్ అంటే ఫైనల్, పైసలు చేరినట్టు.

ఏఐఎస్‌ల ఇంకో చిక్కు ఉంటది. ఒకే వడ్డీ రెండు చోట్ల కనవడొచ్చు, ఒకటి టీడీఎస్ కింద, ఇంకోటి బ్యాంకు విడిగా పంపే వడ్డీ సమాచారం కింద, దాని కోడ్ `SFT-016(TD)`. బావకు రెండు చోట్లా 54 వేల చిల్లర కనిపిస్తే లక్ష ఎనిమిది వేలు అయిందా అని భయపడ్డడు. అది ఒకే వడ్డీ, రెండు దారుల్ల వచ్చిన సమాచారం. రెండు అంకెలూ ఒకటే అయితే ఒక్కసారే చూపించాలె. రెంటికీ తేడా ఉంటే బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తీసుకొని అందుల చెల్లించిన వడ్డీ ఎంత, అక్రూడ్ ఎంత అని చూడండి, సాధారణంగ ఆ తేడా అక్కడ దొరుకుతది.

నడుమల ఎఫ్డీ విరగ్గొట్టుకుంటే లెక్క మారుతది. బావకు పిల్ల పెండ్లికి అవసరం పడి 2026 ఆగస్టు 10న తీసుకున్నడనుకోండి, ఉన్న కాలానికి వర్తించే రేటుల పెనాల్టీ పోను 5.5 శాతం ఇచ్చిండ్రనుకుందాం. ఏడాదికి మొత్తం వడ్డీ 67,374 అయితది. అందుల 54,281 మార్చి 31నే చూపించేసినం, మిగిలింది 13,093, అదే ఆ రెండో సంవత్సరం ఆదాయం. 7 శాతం లెక్కన మార్చిల చూపించిన దాంట్ల ఎక్కువైంది రెండో సంవత్సరంల తగ్గి సర్దుకుంటదన్నట్టు. మార్చిల కట్ అయిన 5,428 మాత్రం గవర్నమెంటుకు పోయింది, బ్యాంకు వాపస్ ఇయ్యదు, దాన్ని 2025-26 రిటర్న్‌లనే వాడుకోవాలె. ఎఫ్డీ తీసే పని ఎట్లాగూ మార్చిల ఉంటే 31 దాటక ముందా, దాటినంకనా అని ఒక్కసారి లెక్క చూసుకొని తీయండి, ఏప్రిల్‌ల తీస్తే మార్చి 31న పాత రేటు మీద వేసిన వడ్డీకన్న అసలు వచ్చే వడ్డీ తక్కువ అయ్యే కేసులు ఉంటయ్, అప్పుడు రాని వడ్డీకి టీడీఎస్ కట్టి కూర్చున్నట్టు అయితది.

టీడీఎస్ పడకుండా ఇచ్చే ఫారాల గురించి పొట్టిగ చెప్త. 2025-26 దాకా నడిచిన పాత చట్టంల 60 దాటినోళ్లకు 15హెచ్, అంతకు లోపలోళ్లకు 15జీ ఉండె. మొత్తం ఆదాయం మీద టాక్స్ సున్నా అయ్యేవాళ్లకే అవి, 15జీకి అయితే ఆ సంవత్సరం వచ్చే వడ్డీ మొత్తం కూడా బేసిక్ మినహాయింపు లోపల ఉండాలె. బావకు టాక్స్ వస్తది కాబట్టి ఆయన 15జీ ఇయ్యొద్దు, తప్పుడు డిక్లరేషన్ ఇస్తే కేసు అయ్యే సెక్షన్ ఉంది, పక్కింటాయన ఇచ్చిండని ఇచ్చే కాగితం కాదు అది. మా అత్తమ్మ లెక్క పెన్షన్ మీద ఉండే పెద్దమనుషులు మాత్రం ఏప్రిల్ మొదట్లనే, ప్రతి బ్యాంకుకు వేరుగ, ప్రతి ఏడాది కొత్తగ ఇయ్యాలె. మార్చి చివర్న గుర్తొచ్చి ఇస్తే అప్పటికే కట్ అయింది బ్యాంకు వాపస్ ఇయ్యదు, రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవాలె.

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ దిక్కు గల్ఫ్‌ల ఉండేటోళ్లకు ఇదంతా వర్తించదు. విదేశాల ఉండేటోళ్లు ఇక్కడి ఆదాయం కోసం పెట్టుకునే ఎన్ఆర్ఓ అకౌంట్ల ఎఫ్డీ మీద 50 వేల గీత లేదు, మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద సెస్సు. అక్కడి సంపాదన పంపి వేసే ఎన్ఆర్ఈ ఎఫ్డీ వడ్డీకి టాక్స్ లేదు. దుబాయ్‌ల పని చేసుకుంటూ ఇక్కడ పాత సాదా అకౌంట్ల మీదనే ఎఫ్డీలు నడిపించేటోళ్లు చాలామంది ఉన్నరు, వాళ్లు ముందు ఆ అకౌంటును ఎన్ఆర్ఓగ మార్పించుకోవాలె, లెక్కలు ఆ తర్వాత.

మీ ఎఫ్డీ లెక్క చేసుకునేటప్పుడు మొదట బాండు తీసి మూడు రాసుకోండి, వేసిన తేదీ, రేటు, వడ్డీ కలిసే తేదీలు. మార్చి 31కి ముందు చివరిసారి వడ్డీ ఎప్పుడు కలిసిందో ఆ రోజు బ్యాలెన్స్ పట్టుకొని అక్కడి నుంచి రోజులు లెక్కవెట్టండి. బావ ఎఫ్డీల మనకు కనిపించకుండా ఉన్నది ఆ 50 రోజులే, మీ ఎఫ్డీల అది 10 రోజులు కావొచ్చు, 80 కావొచ్చు. ఫిబ్రవరిల కూర్చొని ఈ లెక్క చేసుకుంటే లిమిట్ దాటుతదా లేదా, సేవింగ్స్ అకౌంట్ల ఎంత ఉంచాలె అన్నది ముందే తెలిసిపోతది.